అర్థం తెలిసినా వాక్యం ఎందుకు తప్పుతుంది? పదకుటుంబం, పదసాహచర్యం కథ

ఈ మూడు వాక్యాలు చూడండి. రాయలసీమ భూగర్భ జలాల మీద ఒక డిగ్రీ విద్యార్థి రాసిన అసైన్‌మెంట్‌లోవి అనుకుందాం. నేను దిద్దే కాగితాల్లో ఇలాంటివి దాదాపు ప్రతి కట్టలోనూ కనిపిస్తాయి.

"గ్రౌండ్‌వాటర్ డిక్రీజ్ అఫెక్టెడ్ ఆన్ ఫార్మర్స్. సైంటిస్ట్స్ డిస్కస్డ్ అబౌట్ దిస్ ప్రాబ్లమ్. వియ్ షుడ్ మేక్ మోర్ రీసెర్చెస్."

డిక్రీజ్ అంటే ఏమిటని ఆ విద్యార్థిని అడిగితే తగ్గడం అంటాడు. అఫెక్ట్ అంటే ప్రభావం చూపడం, డిస్కస్ అంటే చర్చించడం, రీసెర్చ్ అంటే పరిశోధన అని కూడా చెబుతాడు. అన్నీ సరైన జవాబులే. పదాలు, అర్థాలు జతపరచమని పరీక్ష పెడితే పదికి పది వస్తాయి. అయినా మూడు వాక్యాల్లో ఒక్కటీ కుదురుగా లేదు. తప్పు అర్థంలో లేదు. మాట తీసుకున్న రూపంలో ఉంది, దాని పక్కన వచ్చి చేరిన మాటల్లో ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మారాక ఈ ఇబ్బంది మరింత మందికి ఎదురవుతోంది. ఇంటర్ వరకు తెలుగులో చదివిన పిల్లలు ఒక్కసారిగా ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం ముందు కూర్చుంటున్నారు. విదేశీ చదువుల కోసం ఐఈఎల్‌టీఎస్, జీఆర్‌ఈ రాసేవాళ్లది ఇంకో రకం టెన్షన్. రెండు చోట్లా అందరికీ మొదట తోచే ఉపాయం ఒకటే. మూడు వేల పదాల జాబితా తెచ్చుకుని రోజుకు యాభై చొప్పున బట్టీ పట్టడం. దీనికి బదులుగా భాషా పరిశోధకులు రెండు మాటలు చెబుతూ వచ్చారు. ఒకటి పదకుటుంబం, రెండోది పదసాహచర్యం. ఇంగ్లిష్‌లో వర్డ్ ఫ్యామిలీ, కొలొకేషన్ అంటారు. ఇవి ఏమిటి, ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ మోసం చేస్తాయి అన్నదే ఈ వ్యాసం.

కోయు కోత అయినట్టే

పదకుటుంబం మనకు కొత్త విషయం కాదు. కోయు నుంచి కోత వచ్చింది. మేయు నుంచి మేత, మోయు నుంచి మోత, రాయు నుంచి రాత, కూయు నుంచి కూత. ఈ సూత్రం మనకు ఎవరూ నేర్పలేదు. కానీ "కూల్చివేత" అనే మాట మొదటిసారి పేపర్లో చూసినప్పుడు నిఘంటువు వెతకలేదు కదా. కూల్చివేయు తెలుసు, చివర్లో "త" చేరితే ఆ పని పేరు అవుతుందని మనసుకు తెలుసు. అంతే, అర్థమైపోయింది.

ఇంగ్లిష్‌లోనూ ఇలాంటి మూసలు ఉన్నాయి. కన్స్యూమ్ అంటే వినియోగించు, కన్సంప్షన్ అంటే వినియోగం. ఇదే మూసలో అజ్యూమ్ నుంచి అజంప్షన్, ప్రిజ్యూమ్ నుంచి ప్రిజంప్షన్, రిజ్యూమ్ నుంచి రిజంప్షన్ వస్తాయి. కన్సంప్షన్ తెలిసినవాడికి అజంప్షన్ అనేది సగం పరిచయమున్న మాటే. జాబితాలో మాత్రం ఈ రెండూ అక్షరక్రమంలో ఎక్కడెక్కడో ఉంటాయి, వేర్వేరు అర్థాలతో వేర్వేరు పదాల్లా కనిపిస్తాయి. ఒకే ఇంట్లో మనుషుల్ని ఓటర్ల జాబితాలో వేర్వేరు పేజీల్లో వెతికినట్టు ఉంటుంది ఆ పని.

కుటుంబంలోకి ఎవరెవరు వస్తారనేది కూడా తేలిక ప్రశ్న కాదు. న్యూజిలాండ్‌లో వెల్లింగ్టన్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన లారీ బావర్, పాల్ నేషన్ 1993లో దీనికి ఏడు మెట్లు కట్టారు. మొదటి మెట్టు మీద ప్రతి రూపమూ వేరే పదమే. రెండో మెట్టుకు వస్తే బహువచనం, భూతకాలం లాంటి రూపాలు ఒకే పదం కిందకు చేరతాయి. పైకి వెళ్లేకొద్దీ ముందు చేరే, వెనక చేరే ముక్కలు ఇంకా ఎక్కువ కలుస్తాయి. ఏడో మెట్టు మీద లాటిన్, గ్రీకు మూలాల దాకా వెళ్తాం. ఎన్ని మెట్లు ఎక్కాలనేది చదివేవాడి స్థాయిని బట్టి ఉంటుంది. ఇంగ్లిష్‌తో పెరిగినవాడికి ఒక కుటుంబంలా కనిపించేది కొత్తగా నేర్చుకునేవాడికి నాలుగు వేర్వేరు మాటల్లా కనిపించవచ్చు. పదకుటుంబాల మీద పరిశోధకుల చర్చలో సగం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

570 కుటుంబాలు: లెక్క ఎలా వచ్చింది

అదే విక్టోరియా విశ్వవిద్యాలయంలో ఎవెరిల్ కాక్స్‌హెడ్ ఒక పని చేశారు. ఆర్ట్స్, కామర్స్, లా, సైన్స్ విభాగాల నుంచి, మొత్తం 28 సబ్జెక్టుల పాఠ్యపుస్తకాలు, పత్రాల నుంచి సుమారు 35 లక్షల పదాల పాఠాన్ని పోగుచేశారు. అందులో ఏ సబ్జెక్టుకూ ప్రత్యేకం కాకుండా, అన్నిటిలోనూ మళ్లీ మళ్లీ వచ్చే మాటలేవో లెక్కగట్టారు. 1953లో మైకేల్ వెస్ట్ తయారుచేసిన 2,000 సాధారణ పదకుటుంబాలను ముందే పక్కన పెట్టేశారు. మిగిలినవాటిలో నాలుగు విభాగాల్లోనూ వచ్చి, 28లో కనీసం 15 సబ్జెక్టుల్లో కనిపించి, మొత్తం మీద కనీసం వందసార్లు వాడుకలో ఉన్న కుటుంబాలనే ఎంచుకున్నారు. అలా తేలినవి 570. 2000లో ప్రచురించిన ఆ జాబితా పేరు అకడమిక్ వర్డ్ లిస్ట్.

ఈ 570 కుటుంబాలు చదువుల పుస్తకాల్లో సుమారు పది శాతం మాటలకు సరిపోతాయని తేలింది. కథలు, నవలల్లో ఇవి 1.4 శాతమే. అకడమిక్ పదాలు అనే వర్గం నిజంగా ఉందని చెప్పడానికి కాక్స్‌హెడ్ చూపించిన బలమైన ఆధారం ఈ తేడాయే.

పది శాతం అంటే కళ్లకు ఎలా కనబడుతుందో చూద్దాం. 400 మాటలున్న ఒక పేజీ తీసుకోండి. అందులో దాదాపు 300 మాటలు ఆ సాధారణ 2,000 కుటుంబాలవే. సుమారు 40 మాటలు ఈ 570 కుటుంబాలవి, అనలైజ్, ఫ్యాక్టర్, ఇండికేట్, సిగ్నిఫికెంట్ లాంటివి. మిగిలిన 60 దాకా మాటల్లో సబ్జెక్టు పదాలు, పేర్లు, అరుదైన మాటలు ఉంటాయి. చిత్రమేమిటంటే పిల్లలు ఎక్కువగా జారిపోయేది ఆ 60 దగ్గర కాదు. ఫోటోసింథసిస్ అంటే కిరణజన్య సంయోగక్రియ అని టీచర్ బోర్డు మీద రాసి చెబుతారు. ఇండికేట్ అంటే ఏమిటో ఎవరూ ఆగి చెప్పరు, అందరికీ తెలుసనుకుంటారు.

ఇక్కడ ఒక సంగతి. 570 అన్నది మాటల సంఖ్య కాదు, కుటుంబాల సంఖ్య. విడి రూపాలుగా లెక్కపెడితే మూడు వేలు దాటుతాయి. 570 చదివేశాం అనుకున్నవాళ్లలో చాలామంది నిజానికి చదివింది ఇంటి పెద్ద పేరు ఒక్కటే.

ఇంటి పేరు ఒకటే, బుద్ధులు వేరు

కుటుంబం ఒకటైతే అర్థమూ దగ్గరగా ఉంటుందనేది ఈ పద్ధతి నమ్మకం. చాలాసార్లు అది నిజమే. అన్నిసార్లూ కాదు. మన దగ్గరే చూడండి. ఆకృతి, ప్రకృతి, వికృతి, సంస్కృతి అన్నిటికీ మూలం ఒకటే. కానీ ఆకృతి తెలిసినంత మాత్రాన సంస్కృతి అంటే ఏమిటో ఎవరూ ఊహించలేరు.

అమెరికాలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయానికి చెందిన డీ గార్డ్‌నర్, మార్క్ డేవీస్ ఇదే అభ్యంతరం చెప్పారు. వాళ్లు చూపిన ఉదాహరణ రియాక్ట్. రియాక్ట్ అంటే స్పందించు. రియాక్షన్ దానికి దగ్గరే. రియాక్టర్ అనగానే మనకు అణు విద్యుత్ కేంద్రం గుర్తొస్తుంది. రియాక్షనరీ అంటే మార్పును గట్టిగా వ్యతిరేకించేవాడు, రాజకీయాల్లో మనం అభివృద్ధి నిరోధకుడు అనే మనిషి. వీళ్లందరినీ ఒక కుటుంబంగా లెక్కేస్తే, రియాక్ట్ తెలిసినవాడికి రియాక్షనరీ కూడా తెలుసని రాసేసినట్టు అవుతుంది. అందుకే వాళ్లు 2014లో 12 కోట్ల పదాల అకడమిక్ పాఠం మీద వేరే జాబితా కట్టారు. అందులో లెక్క కుటుంబాలది కాదు. నామవాచకం వేరు, క్రియ వేరు, విశేషణం వేరు. ఒక మాట మామూలు వ్యాకరణ రూపాలు మాత్రమే ఒక చోట చేరతాయి. 1953 నాటి పాత జాబితాను ముందే తీసేయడం కూడా సరికాదని, చదువుల్లో బాగా పనికొచ్చే కొన్ని మాటలు దానివల్ల పోయాయని వాళ్ల వాదన.

కుటుంబం పక్షాన వాదనలోనూ బలం ఉంది. చదివేటప్పుడు కుటుంబం నిజంగానే పనిచేస్తుంది. సిగ్నిఫికెంట్ తెలిసినవాడు పేజీలో ఇన్‌సిగ్నిఫికెంట్ కనిపిస్తే ఆగిపోడు. చుట్టూ ఉన్న వాక్యం కొంత, ముందున్న ముక్క కొంత సాయం చేస్తాయి. చిక్కంతా రాసేటప్పుడు వస్తుంది. నార్బర్ట్ ష్మిట్, షెరిల్ జిమర్‌మన్ 2002లో ఇంగ్లిష్ మాతృభాష కాని 106 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులకు 16 మాటలిచ్చి, ఒక్కోదానికి నామవాచకం, క్రియ, విశేషణం, క్రియావిశేషణం రాయమన్నారు. నాలుగూ తెలిసినవాళ్లు అరుదు. ఏ రూపమూ తెలియకపోవడమూ అంతే అరుదు. చాలామందికి రెండో మూడో వచ్చు. విశేషణం, క్రియావిశేషణం దగ్గర ఎక్కువ మంది తడబడ్డారు. ఒక రూపం తెలిస్తే మిగతావి వాటంతట అవే రావని ఈ అధ్యయనం చెప్పింది.

నాకు అనిపించేది, ఈ రెండు వాదనలూ ఒకే పని గురించి మాట్లాడటం లేదని. చదివేవాడికి కుటుంబం ఎంత పెద్దదైనా లాభమే. రాసేవాడికి మాత్రం ఆ కుటుంబంలో ప్రతి మనిషినీ విడిగా పరిచయం చేసుకోక తప్పదు.

పక్కన ఎవరు కూర్చుంటారు

ఇప్పుడు రెండో మాట, పదసాహచర్యం. ఒక మాట పక్కన అలవాటుగా వచ్చే మాటను దాని సహచరి అనవచ్చు. మనకు ఆకలి వేస్తుంది, చలి వేస్తుంది, భయం వేస్తుంది. కానీ జ్వరం వేయదు, వస్తుంది. జలుబు రావడమే కాదు, "చేస్తుంది" కూడా. నిద్ర పడుతుంది, కునుకు తీస్తాం. ఇవి ఎందుకిలా ఉన్నాయంటే కారణం చెప్పలేం. తెలుగు నేర్చుకుంటున్న బయటి మనిషి "నాకు జ్వరం వేసింది" అంటే అర్థం అవుతుంది, కానీ ఎక్కడో తేడా కొడుతుంది. మన ఇంగ్లిష్ చదివే ఎగ్జామినర్‌కు కలిగేదీ అదే భావన.

మాటను దాని స్నేహితుల్ని చూసి తెలుసుకోవాలి అన్న ఆలోచనను 1957లో ప్రసిద్ధం చేసినవాడు జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త. అంతకుముందు, 1920లలో, ఆయన లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. మన ఉపఖండపు విద్యార్థులు రాసే ఇంగ్లిష్ ఆయనకు తెలియనిది కాదు.

తెలుగువాళ్లకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. దాని పేరు "చేయు". మనం తప్పు చేస్తాం, నేరం చేస్తాం, ప్రయత్నం చేస్తాం, ప్రయోగం చేస్తాం, పరిశోధన చేస్తాం, ఆపరేషన్ చేస్తాం. అన్నిటికీ ఒకే క్రియ. ఇంగ్లిష్‌లో తప్పుకు మేక్, నేరానికి కమిట్, ప్రయత్నానికి మేక్, ప్రయోగానికి కండక్ట్ లేదా క్యారీ అవుట్, పరిశోధనకు డు లేదా కండక్ట్, ఆపరేషన్‌కు పెర్ఫామ్. మన దగ్గర ఒక గుమ్మం, అక్కడ ఆరు గుమ్మాలు. ఏ గుమ్మంలోంచి వెళ్లాలో అర్థం చెప్పదు. రీసెర్చ్ అంటే పరిశోధన అని వందసార్లు చదివినా, దాని ముందు మేక్ రాదని ఆ జాబితాలో ఎక్కడా ఉండదు.

మనం తెలుగులో వాడే ఇంగ్లిష్ మాటలు ఇంకో దారిలో తప్పు దోవ పట్టిస్తాయి. ప్లాన్ వేశాం, డౌట్ అడిగాం, ఎగ్జామ్ రాశాం. మాట ఇంగ్లిష్‌దే, తోడు మాత్రం తెలుగుది. ఇవి మంచి తెలుగే, ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇంగ్లిష్ రాసేటప్పుడు ప్లాన్ తెలిసిన మాటే కదా అని మనం ఆగి చూసుకోం, తెలుగు తోడే చేతికి వచ్చేస్తుంది. కొత్త మాటల కంటే ఇలాంటి పాత మాటల దగ్గరే తప్పు దొరకడం కష్టం.

రూపం మారితే తోడూ మారుతుంది

ఇప్పుడు మొదటి మూడు వాక్యాలకు తిరిగి వద్దాం. వాటి వెనకున్న తెలుగు ఇది: "భూగర్భ జలాల తగ్గుదల రైతులపై ప్రభావం చూపింది. శాస్త్రవేత్తలు ఈ సమస్య గురించి చర్చించారు. మనం ఇంకా పరిశోధనలు చేయాలి." ఈ తెలుగులో వేలు పెట్టడానికి చోటు లేదు. విద్యార్థి అజాగ్రత్తగా రాయలేదు. తన భాషలోని తోడును నమ్మకంగా మోసుకొచ్చాడు.

మొదటి వాక్యంలో "రైతులపై" అన్నదే "ఆన్ ఫార్మర్స్" అయింది. ఇంగ్లిష్‌లో అఫెక్ట్ అనే క్రియకు ఆన్ అక్కర్లేదు, అది రైతులను నేరుగా పట్టుకుంటుంది. ఎఫెక్ట్ అనే నామవాచకానికి మాత్రం ఆన్ కావాలి. కాబట్టి "హాజ్ అఫెక్టెడ్ ఫార్మర్స్" సరైనది, "హాజ్ హ్యాడ్ ఎ సీరియస్ ఎఫెక్ట్ ఆన్ ఫార్మర్స్" కూడా సరైనదే. విద్యార్థి ఒకదాని క్రియను, ఇంకోదాని తోడును కలిపేశాడు. అదే వాక్యంలో "గ్రౌండ్‌వాటర్ డిక్రీజ్" దగ్గర చిక్కు దీనికి తలకిందులు. డిక్రీజ్ నామవాచకంగా వచ్చినప్పుడు ఏది తగ్గిందో చెప్పడానికి ఇన్ కావాలి. "ఎ డిక్రీజ్ ఇన్ గ్రౌండ్‌వాటర్ లెవెల్స్" అనాలి. నీటిమట్టం క్రమంగా పడిపోతూ వచ్చిందని చెప్పాలంటే డిక్లైన్ ఇంకా బాగా అతుకుతుంది.

రెండో వాక్యంలో "గురించి" అన్నదే అబౌట్ అయింది. డిస్కస్ క్రియ, దానికి అబౌట్ వద్దు. డిస్కషన్ నామవాచకం, దానికి అబౌట్ లేదా ఆఫ్ కావాలి. మళ్లీ అదే కథ. ఇది గమనించాక ఇంకా కొన్ని కనిపిస్తాయి. ఎంఫసైజ్‌కు ఆన్ వద్దు, ఎంఫసిస్‌కు కావాలి. డిమాండ్ క్రియగా వస్తే ఫర్ వద్దు, నామవాచకంగా వస్తే డిమాండ్ ఫర్. ల్యాక్ క్రియగా వస్తే ఆఫ్ వద్దు, నామవాచకమైతే ల్యాక్ ఆఫ్. అప్రోచ్ క్రియగా సమస్యను నేరుగా పట్టుకుంటుంది, నామవాచకమైతే అప్రోచ్ టు. ప్రతి కుటుంబంలోనూ ఇలాగే ఉండదు. రెస్పాండ్‌కూ రెస్పాన్స్‌కూ టు కావాలి. అందుకే దీన్ని సూత్రంలా పట్టుకోవడం కంటే ఏ కుటుంబంలో ఎలా ఉందో చూడటమే నమ్మకమైన దారి.

మూడో వాక్యంలో రెండు తప్పులు. మేక్ సంగతి చెప్పుకున్నాం. రెండోది రీసెర్చెస్. తెలుగులో పరిశోధనలు అని బహువచనం హాయిగా వాడతాం. నేటి అకడమిక్ ఇంగ్లిష్‌లో రీసెర్చ్ సాధారణంగా ఏకవచనంగానే ఉంటుంది, లెక్క చెప్పాలంటే స్టడీస్ అంటారు. "మోర్ రీసెర్చ్ ఈజ్ నీడెడ్" అన్నది పత్రాల చివర్లో కనిపించే వాక్యం. ఆ వాక్యం మొత్తాన్నీ ఒక ముద్దగా గుర్తుపెట్టుకున్నవాడికి ఏకవచనం, క్రియ రెండూ విడిగా తలచుకోవాల్సిన పని లేకుండా వచ్చేస్తాయి.

నా ఉద్దేశంలో అసలు విషయం ఇక్కడే ఉంది. పదకుటుంబం ఒక పద్ధతి, పదసాహచర్యం ఇంకో పద్ధతి అని పుస్తకాలు వేర్వేరు అధ్యాయాల్లో చెబుతాయి. కుటుంబం మాత్రమే చదివినవాడు అఫెక్ట్, ఎఫెక్ట్ రెండూ తెలుసుకుని వాటి తోడును తారుమారు చేస్తాడు. తోడు మాత్రమే చదివినవాడికి ఒక వాక్యంలో సరిగ్గా వచ్చినది క్రియ నామవాచకంగా మారగానే తప్పుతుంది. రెండూ కలిసి ఒకే పేజీలో ఉన్నప్పుడే ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

అజ్యూమ్‌ను అలా ఒక పేజీ మీద పరిస్తే ఇలా ఉంటుంది. క్రియగా దాని వెనక ఎక్కువగా దట్ వస్తుంది: "వియ్ అజ్యూమ్ దట్ ప్రైసెస్ ఆర్ కాన్‌స్టంట్", అంటే ధరలు మారవని అనుకుందాం. ఇది ఎకనామిక్స్ పుస్తకంలో అడుగడుగునా ఉండే వాక్యం. నామవాచకంగా దాని ముందు మేక్ వస్తుంది, మేక్ ఎన్ అజంప్షన్. ఇక్కడ మన "చేయు" అదృష్టవశాత్తు సరిపోయింది. దాన్ని ప్రశ్నిస్తే చాలెంజ్ లేదా క్వశ్చన్, వాదన అడుగున దాగి ఉంటే అండర్‌లైయింగ్ అజంప్షన్, వాదనకు అదే పునాది అయితే "బేస్డ్ ఆన్ ది అజంప్షన్ దట్". ఆ తర్వాత అజ్యూమ్ రెస్పాన్సిబిలిటీ కనిపిస్తుంది. అక్కడ దాని అర్థం అనుకోవడం కాదు, బాధ్యత తీసుకోవడం. అజ్యూమ్ అంటే ఊహించు అని ఒక్క గీతలో రాసుకున్నవాడికి ఈ చివరిది వింతగా తోస్తుంది.

జాబితా పక్షాన చెప్పాల్సిన మాట

ఇంతవరకు చదివి జాబితాలు దండగ అనుకుంటే అది న్యాయం కాదు. పాల్ నేషన్ స్వయంగా చిన్న కార్డుల మీద ఒక వైపు పదం, ఇంకో వైపు మాతృభాష అర్థం రాసుకుని చదవడాన్ని గట్టిగా సమర్థించారు. మాటకూ అర్థానికీ మొదటి ముడి వేయడానికి అంత వేగమైన దారి ఇంకొకటి లేదు. కొత్త మాటల పక్కన కొత్త మాటల్నే పెట్టి సాహచర్యం నేర్పితే ఆ పక్కమాటలు కూడా అర్థం కావు. మొదటి 2,000 సాధారణ కుటుంబాలు ఇంకా రానివాడికి అజంప్షన్ స్నేహితుల గురించి చెప్పి లాభం లేదు.

పైగా సాహచర్యం కూడా జాబితాగా మారిపోగలదు. 2013లో కిర్‌స్టెన్ ఆకర్‌మన్, యు-హువా చెన్ 2,469 అకడమిక్ పదజంటలతో ఒక జాబితా తెచ్చారు. కంప్యూటర్ లెక్క తీశాక, మనుషులు ఒక్కోదాన్నీ చూసి వడపోశారు. చాలా పనికొచ్చే వనరు అది. కానీ 2,469 జంటల్ని వరసగా బట్టీ పట్టేవాడు మళ్లీ మొదటికే వచ్చినట్టు. చదువుతున్న పాఠంలో ఎదురైన మాటను అందులో వెతికితే లాభం, అందులోంచి మాటలు తెచ్చి పాఠంలో అతికిస్తే నష్టం.

జాబితాను ఎలా పేర్చారన్నదీ ముఖ్యమే. తగ్గడం అనే శీర్షిక కింద డిక్రీజ్, డిక్లైన్, డిమినిష్, రెడ్యూస్ అన్నీ వరసగా పెట్టే పుస్తకాలు మన దగ్గర చాలా ఉన్నాయి. చూడటానికి పద్ధతిగా ఉంటాయి. కానీ ఒకే కోవకు చెందిన కొత్త మాటల్ని ఒకేసారి నేర్పితే అవి ఒకదానితో ఒకటి కలగాపులగమై, నేర్వడానికి ఎక్కువసేపు పడుతుందని థామస్ టింకమ్ 1993లో, రాబ్ వేరింగ్ 1997లో చేసిన ప్రయోగాల్లో తేలింది. అర్థం దగ్గరగా ఉన్న మాటల్ని కలిపి చదవడం, ఒకే కుటుంబపు రూపాల్ని కలిపి చదవడం రెండూ ఒకటి కావు. బయటికి రెండూ గుంపులే కాబట్టి ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది.

జీఆర్‌ఈ చదివేవాళ్ల జాబితాలకు మరో చరిత్ర ఉంది. 2011 ఆగస్టుకు ముందు ఆ పరీక్షలో వ్యతిరేక పదాలు, పదసామ్యాల ప్రశ్నలు ఉండేవి. వాటికి విడి మాట, విడి అర్థం సరిపోయేవి. ఆ తర్వాత అవి తీసేసి వాక్యంలో ఖాళీలు పూరించే ప్రశ్నల మీద బరువు పెట్టారు. పరీక్ష మారింది. పాత జాబితాలు మాత్రం చేతులు మారుతూ ఇంకా తిరుగుతున్నాయి.

ఇది తప్పా, మన ఇంగ్లిషా

"డిస్కస్ అబౌట్" తప్పని ఎవరు నిర్ణయించారు అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. భారతీయ ఇంగ్లిష్‌ను ఒక సొంత రకంగా చూసే భాషాశాస్త్రవేత్తలు దీన్ని తప్పుగా కాక, ఇక్కడి వాడుకగా నమోదు చేస్తారు. ఇది తెలుగువాళ్లలోనే కాదు, దేశమంతటా, బయట ఆఫ్రికా దేశాల్లోనూ వినిపిస్తుంది. అటువైపు, జర్నల్ ఎడిటర్లు, ఐఈఎల్‌టీఎస్ పేపర్లు దిద్దేవాళ్లు దీన్ని ఇంకా తప్పుగానే చూస్తారు. ఆఫీసు మాటల్లో డిస్కస్ అబౌట్ అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. థీసిస్‌లో రాసేటప్పుడు ఆ తేడా తెలిసి ఉండాలి. నేను పిల్లలకు ఎర్ర ఇంకుతో కొట్టేయను, పక్కన "డిస్కషన్ అబౌట్, డిస్కస్ __" అని రాసి ఖాళీ వదులుతాను.

సబ్జెక్టు మారితే స్నేహితులు మారతారు

చివరి చిక్కు ఇది. అన్ని సబ్జెక్టులకూ పనికొచ్చే అకడమిక్ పదజాలం అసలు ఉందా? 2007లో హాంకాంగ్‌కు చెందిన పాలీ ట్సే, లండన్‌కు చెందిన కెన్ హైలాండ్ ఈ ప్రశ్నే వేశారు. అదే మాట ఒక్కో సబ్జెక్టులో ఒక్కో అర్థంతో, ఒక్కో తోడుతో తిరుగుతుందని, కాబట్టి అందరికీ ఒకే జాబితా అనేది మనల్ని పక్కదారి పట్టించవచ్చని వాళ్ల వాదన.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఈ సంగతి అనుభవమే. సొల్యూషన్ అనే ఒక్క మాటకు కెమిస్ట్రీలో ద్రావణం అని చదివాం, లెక్కల్లో సాధన అని చదివాం, సమస్యకైతే పరిష్కారం అన్నాం. పవర్ ఫిజిక్స్‌లో సామర్థ్యం, లెక్కల్లో ఘాతం, సివిక్స్‌లో అధికారం. ఫంక్షన్ లెక్కల్లో ప్రమేయం, బయాలజీలో విధి. ఇంగ్లిష్ ఒకే మాటలో దాచిన తేడాల్ని మన పాఠ్యపుస్తకాలు ముందే విడదీసి ఇచ్చాయి. ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చినప్పుడు ఈ పిల్లలకు లేనిదేమిటో అందరూ చెబుతారు. ఈ విషయంలో వాళ్ల చేతిలో ఉన్నదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఈల్డ్ అనే మాటను తీసుకోండి. వ్యవసాయ కళాశాలలో దాని పక్కన క్రాప్ ఉంటుంది, అది దిగుబడి. కామర్స్ క్లాసులో పక్కన బాండ్ ఉంటుంది, అది రాబడి. ప్రయోగం గురించి రాసే పేపర్లో అది క్రియ అయిపోయి వెనక రిజల్ట్స్‌ను తెచ్చుకుంటుంది, ఈల్డెడ్ రిజల్ట్స్, అంటే ఫలితాలిచ్చింది. జాబితాలో ఈల్డ్ ఎదురుగా "ఇచ్చు, లొంగు, దిగుబడి" అని కామాలు పెట్టి రాసి ఉంటుంది. ఆ కామాల్లో ఏది ఎక్కడ సరిపోతుందో చెప్పేది క్రాప్, బాండ్, రిజల్ట్స్ అనే ఆ మూడు పక్కమాటలే. దిగుబడి, రాబడి, పెట్టుబడి మూడూ "బడి"తోనే ముగుస్తాయని, వాటికీ ఒక ఇల్లుందని తెలుగు విద్యార్థికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.